ప్యాకెట్ ఫొటోలో ‘మే కంటైన్’ ఎక్కడుంది? పల్లీలు, జీడిపప్పు పడని పిల్లల ఇంట్లో తెలియాల్సిన లెక్క

కరీంనగర్‌లో ఉండే మా ఆపా కొడుకుకు ఆరేళ్లు. వాడికి పల్లీలు, జీడిపప్పు పడవు. మూడేళ్ల వయసులో ఒక్క చిక్కీ ముక్క నోట్లో పెట్టుకున్నందుకే పెదాలు వాచి, ఒళ్లంతా దద్దుర్లు వచ్చి ఆసుపత్రిలో ఒక రాత్రి గడపాల్సి వచ్చింది. అప్పటి నుంచి ఇంట్లోకి ఏ ప్యాకెట్ వచ్చినా ఆపా వెనక్కి తిప్పి చదవకుండా లోపల పెట్టదు.

మొన్న సెలవుల్లో వాడు ఆదిలాబాద్‌లో నానీ దగ్గరికి వెళ్లాడు. సాయంత్రం నానీ ఫోన్ నుంచి వాట్సాప్‌లో ఒక బిస్కెట్ ప్యాకెట్ ఫొటో వచ్చింది. కింద వాయిస్ మెసేజ్: "బేటీ, ఇందులో పల్లీ లేదు, కాజూ లేదు. పెట్టమంటావా?" ఆపా ఆ ఫొటో నాకు పంపింది. ఆ ఒక్క ప్యాకెట్ తేల్చడానికి మాకు మూడు ఫొటోలు, ఇరవై నిమిషాలు పట్టాయి. ఇలాంటి ఫొటోలు మన ఇళ్లలో చాలామందికి వస్తాయి కాబట్టి, ఆ ఇరవై నిమిషాల్లో ఏం చూశామో ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మొదటి ఫొటో: ముందు వైపు

ముందు వైపు పాల గ్లాసు బొమ్మ, బిస్కెట్ పేరు, ఒక మూలన ఆకుపచ్చ చుక్క, ఇంకో మూలన హలాల్ గుర్తు ఉన్నాయి. నానీకి ఆ రెండు గుర్తులు చూసి ధైర్యం వచ్చింది. కానీ ఆకుపచ్చ చుక్క ఇది శాకాహారం అని మాత్రమే చెబుతుంది. జీడిపప్పు కూడా శాకాహారమే కదా! హలాల్ గుర్తు కూడా అంతే. బాదం, పల్లీ రెండూ హలాలే. పిల్లాడి అలర్జీ గురించి ఈ రెండు గుర్తులూ ఏమీ చెప్పవు.

మన ఇళ్లలో ప్యాకెట్ వెనక్కి తిప్పి చదివే అలవాటు ముందే ఉంది. జెలటిన్ ఉందా, ఎమల్సిఫయర్ దేనితో చేశారు అని నెంబర్లు వెతుకుతాం. నట్స్ విషయంలో మాత్రం ఆ నెంబర్ల దగ్గర ఆగితే సరిపోదు. అసలు మాట సాధారణంగా పదార్థాల జాబితా అయిపోయాక కింద ఉంటుంది. అందుకే ఆపా, "ముందు వైపు వద్దమ్మీ, వెనక వైపు పంపు" అని చెప్పింది.

రెండో ఫొటో: పదార్థాల జాబితా, ‘కంటైన్స్’ లైను

రెండో ఫొటోలో ఇంగ్లిష్‌లో పదార్థాల జాబితా కనిపించింది. మన దేశంలో ప్యాకెట్ మీద వివరాలు ఇంగ్లిష్‌లో గానీ, దేవనాగరి లిపిలో హిందీలో గానీ ఉంటే చాలు. తెలుగు, ఉర్దూ ఉండాలన్న నియమం లేదు. కాబట్టి నానీ లాంటి వాళ్లు కొన్ని ఇంగ్లిష్ మాటల రూపం గుర్తుపట్టడం నేర్చుకోక తప్పదు.

జాబితాలో మైదా, చక్కెర, పామాయిల్, పాల పొడి, ఉప్పు, ఎమల్సిఫయర్ 322 ఉన్నాయి. ఈ 322 అంటే లెసిథిన్, ఎక్కువగా సోయా నుంచి తీస్తారు. పల్లీకి దాంతో సంబంధం లేదు. జాబితా కింద ‘కంటైన్స్: వీట్, మిల్క్, సోయా’ అని ఉంది. నానీ చెప్పింది నిజమే, పల్లీ గానీ కాజూ గానీ కనిపించలేదు.

ఈ ‘కంటైన్స్’ లైను కంపెనీ ఇష్టం మీద పెట్టేది కాదు. ఫుడ్ సేఫ్టీ సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020 లేబులింగ్ నియమాల ప్రకారం ఎనిమిది రకాల పదార్థాలు వాడితే విడిగా ‘కంటైన్స్’ అని రాయాల్సిందే. అవి గోధుమ లాంటి గ్లూటెన్ ఉన్న ధాన్యాలు, రొయ్య-పీత జాతి, పాలు, గుడ్డు, చేప, పల్లీలు-ట్రీ నట్స్, సోయా, కిలోకు 10 మిల్లీగ్రాములు లేదా అంతకు మించిన సల్ఫైట్. మనకు కావలసింది ఆరోది. అందులో పల్లీలనూ, చెట్లకు కాసే గింజలైన జీడిపప్పు, బాదం, పిస్తా, అక్రోట్ లాంటి వాటినీ ఒకే వరుసలో పెట్టారు. నిజానికి పల్లీ కంది, శనగల జాతిది. కొందరు పిల్లలకు పల్లీ ఒక్కటే పడదు, కొందరికి జీడిపప్పు, పిస్తా పడవు. కానీ ప్యాకెట్ మీద ‘నట్స్’ అని ఒక్క మాటే ఉంటే అందులో ఏది ఉందో తెలియదు. అప్పుడు రెండూ ఉన్నట్టే లెక్క వేయాలి.

ఈ నియమంలో మన వైపు వాళ్లకు పనికొచ్చే మూడు సందులు ఉన్నాయి.

ఒకటి నూనె. అలర్జీ పదార్థం నుంచి తీసిన నూనె వాడితే ‘కంటైన్స్’ లైనులో రాయనక్కర్లేదు. బాగా శుద్ధి చేసిన పల్లీ నూనెలో ప్రొటీన్ దాదాపు ఉండదు కాబట్టి ఈ మినహాయింపు. కానీ గానుగ నూనెలో ప్రొటీన్ మిగిలి ఉంటుంది, అలర్జీ తెచ్చేది ఆ ప్రొటీనే. కాబట్టి మిక్చర్, చిప్స్ ప్యాకెట్ల మీద నూనె పేరు పదార్థాల జాబితాలోనే వెతకాలి. ‘గ్రౌండ్‌నట్ ఆయిల్’ అని ఉంటే, అది రిఫైండా గానుగదా తెలియనంత వరకు పక్కన పెట్టాలి.

రెండోది చిన్న ప్యాకెట్. అన్ని వైపులా కలిపి ఉపరితలం 100 చదరపు సెంటీమీటర్లు దాటని ప్యాకెట్ మీద పదార్థాల జాబితా వేయకపోయినా నియమం ఒప్పుకుంటుంది. ఆ వివరాలు పెద్ద డబ్బా మీద ఉంటే చాలు. కిరాణా కొట్టు గాజు సీసాలో ఉండే చాక్లెట్, ఎక్లెయిర్ ఇలాంటివే. దాని మీద ఏమీ రాయలేదంటే అందులో నట్స్ లేవని కాదు, రాసేంత చోటు లేదని అర్థం. దుకాణదారుని అడిగి ఆ చాక్లెట్లు వచ్చిన పెద్ద కవరు ఫొటో తీసుకోవాలి. అది పారేశాడంటే పిల్లాడికి ఇవ్వకపోవడమే మేలు.

మూడోది సారపప్పు. ఆదిలాబాద్ అడవుల్లో దొరికే ఈ చిరోంజీని షీర్ ఖుర్మాలో, మిఠాయిల్లో వేస్తాం. ఇది జీడిపప్పు, పిస్తా కుటుంబానికే చెందిన చెట్టు గింజ. నియమంలో ‘ట్రీ నట్స్’ అని ఉందే గానీ ఏయే గింజలో పేర్లు లేవు. అందువల్ల సేవయ్యా మిక్స్ ప్యాకెట్‌లో చిరోంజీ జాబితాలో కనిపించి, ‘కంటైన్స్’ లైనులో నట్స్ అని రాకపోవచ్చు. జీడిపప్పు పడని పిల్లాడికి డాక్టర్ చెప్పేదాకా సారపప్పు కూడా పెట్టొద్దు.

అనవసరంగా భయపెట్టే మాటలూ కొన్ని ఉన్నాయి. ‘నట్‌మెగ్’ అంటే జాజికాయ, అది నట్ కాదు. ‘కోకోనట్’ అంటే మన కొబ్బరి. జీడిపప్పు పడని పిల్లల్లో చాలామందికి కొబ్బరి పడుతుంది, ఇంట్లో ఇప్పటికే తింటున్న పిల్లాడికి దాన్ని ఆపాల్సిన పని లేదు. దీనికి భిన్నంగా ‘ప్రాలిన్’, ‘మార్జిపాన్’, ‘నూగట్’ అనే మాటల్లో నట్ అన్న ముక్కే సరిగ్గా కనబడదు కానీ అవి బాదం, హేజల్‌నట్ లాంటి వాటితో చేసేవే.

మూడో ఫొటో: అతుకు కింద దాగిన లైను

రెండో ఫొటోలో ‘కంటైన్స్’ లైను కింద ప్యాకెట్ అతుకు వచ్చింది. కవరు అక్కడ మడత పడి, కింద ఒక లైను సగం అక్షరాలు మాత్రమే కనిపిస్తున్నాయి. ఆపా దాన్ని పెద్దది చేసి చూసింది. వాట్సాప్ ఫొటోను కుదించి పంపుతుంది కాబట్టి అక్షరాలు మసకబారాయి. "అమ్మీ, ఆ మడత వేళ్లతో సాగదీసి ఇంకోటి తీయండి" అంది.

మూడో ఫొటోలో ఆ లైను బయటపడింది: ‘మే కంటైన్ పీనట్ అండ్ ట్రీ నట్స్’. అంటే ‘పల్లీలు, చెట్టు గింజలు ఉండవచ్చు’ అని.

ఉండవచ్చు అంటే ఏమిటి? ఆ బిస్కెట్‌లో కంపెనీ పల్లీ వేయలేదు. కానీ అదే ఫ్యాక్టరీలో, ఒక్కోసారి అదే మెషిన్ మీద, పొద్దున జీడిపప్పు బిస్కెట్ తయారై ఉండవచ్చు. బెల్టు మీద, పిండి కలిపే తొట్టిలో మిగిలిన పొడి తర్వాత వచ్చే సరుకులో కలవవచ్చు. ఇది అన్ని ప్యాకెట్లలో సమానంగా కలవదు. మెషిన్ మారిన వెంటనే వచ్చిన బిస్కెట్లలో ఎక్కువ ఉంటుంది, ఆ తర్వాత వచ్చిన వాటిలో అసలు ఉండకపోవచ్చు. అందుకే "పోయినసారి తిన్నాడు, ఏం కాలేదు" అన్న మాట ఇక్కడ పనికిరాదు. పోయినసారి దొరికింది శుభ్రమైన ప్యాకెట్ కావచ్చు.

ఈ హెచ్చరిక రకరకాల మాటల్లో కనిపిస్తుంది. ‘మే కంటైన్ ట్రేసెస్’ అంటారు, ‘నట్స్ వాడే ఫ్యాక్టరీలో తయారైంది’ అంటారు, ‘అదే లైన్ మీద తయారైంది’ అంటారు. ‘ట్రేసెస్’ అంటే కొంచెమే కదా, ‘ఫ్యాక్టరీ’ అంటే దూరమే కదా అని మనం ప్రమాదాన్ని కొలుస్తాం. ఆ కొలత తప్పు. ఏ మాట వాడితే ఎంత పరిమాణం అన్న లెక్క నియమంలో లేదు, రాసేవాళ్ల ఇష్టం. మూడింటినీ ఒకే హెచ్చరికగా చదవాలి.

ఇంకో ముఖ్యమైన విషయం. ‘కంటైన్స్’ తప్పనిసరి అన్నాను కదా, ‘మే కంటైన్’ విషయంలో నియమం వాడిన మాట వేరు. పొరపాటున కలిసే అలర్జీ పదార్థాన్ని అలా ‘ప్రకటించవచ్చు’ అని ఉంది. ప్రకటించకపోతే తప్పని లేదు. కాబట్టి ‘మే కంటైన్’ లేని ప్యాకెట్‌కు రెండు అర్థాలు ఉంటాయి: ఆ ఫ్యాక్టరీలో నట్స్ వాడకపోవచ్చు, లేదా వాడినా కంపెనీ రాయకపోయి ఉండవచ్చు. ఫొటోలో ఈ రెండింటికీ తేడా కనిపించదు. అమెరికాలో 2010లో ప్రచురితమైన ఒక పరీక్షలో, గుడ్డు, పాలు, పల్లీల గురించి ఇలాంటి హెచ్చరిక ఉన్న సరుకుల్లో సుమారు 5 శాతంలో ఆ పదార్థం బయటపడింది. హెచ్చరిక లేని వాటిలోనూ సుమారు 2 శాతంలో కనిపించింది. హెచ్చరిక ఉంటే ప్రమాదం ఎక్కువే, కానీ లేనంత మాత్రాన సున్నా కాదు.

నానీ బిస్కెట్ విషయం అక్కడే తేలిపోయింది. మా పిల్లాడికి ఒకసారి గట్టిగా రియాక్షన్ వచ్చింది కాబట్టి ‘మే కంటైన్’ ఉన్నది పెట్టొద్దని డాక్టర్ ముందే చెప్పారు. ఆపా "వద్దమ్మీ, అరటిపండు పెట్టండి" అంది. కొందరు పిల్లల విషయంలో డాక్టర్ వేరేలా చెప్పవచ్చు. ఆ నిర్ణయం పరీక్షలు చూసిన డాక్టర్‌దే, ఫొటో చూసిన బంధువుది కాదు.

అదే బిస్కెట్, వేరే ఫ్యాక్టరీ

ఇక్కడ నానీ ఒక మాట అడిగింది: "ఇదే బిస్కెట్ మీ ఇంట్లో తిన్నాడు కదా?" నిజమే. కరీంనగర్‌లో ఆపా కొన్న అదే బిస్కెట్ ఖాళీ కవరు ఇంట్లోనే ఉంది. దాని మీద ‘మే కంటైన్’ లైను లేదు. పేరు అదే, రంగు అదే, సైజు మాత్రం వేరు.

రెండు కవర్లనూ పక్కపక్కన పెట్టి చూస్తే విషయం దొరికింది. పెద్ద బ్రాండ్లు ఒకే బిస్కెట్‌ను చాలా ఫ్యాక్టరీల్లో తయారు చేయిస్తాయి. కవరు మీద నాలుగైదు చిరునామాలు ఎ, బి, సి అని అక్షరాలతో ఉంటాయి. ‘ఏ ఫ్యాక్టరీయో బ్యాచ్ నెంబర్ మొదటి అక్షరం చూడండి’ అని చిన్నగా రాసి ఉంటుంది. మా కవరు బ్యాచ్ ఒక అక్షరంతో, నానీది ఇంకో అక్షరంతో మొదలైంది. ఒక ఫ్యాక్టరీలో నట్స్ ఉండవచ్చు, ఇంకోదాంట్లో ఉండకపోవచ్చు. కంపెనీ సరుకు మార్చినా ఇంతే. అందుకే పోయిన నెల ఫొటో ఈ నెల ప్యాకెట్‌కు సాక్ష్యం కాదు. ఆన్‌లైన్ యాప్‌లో కనిపించే ప్యాకెట్ ఫొటో కూడా పాతది కావచ్చు. చేతిలో ఉన్న ప్యాకెట్‌నే చదవాలి.

మరుసటి రోజు ప్యాకెట్ మీదున్న కస్టమర్ కేర్ నెంబర్‌కు ఫోన్ చేశాం. "ఇందులో నట్స్ ఉన్నాయా?" అని అడిగితే "లేవండీ" అనే జవాబు వస్తుంది, అది మనకు ముందే తెలుసు. అడగాల్సింది ఇలా: "ఈ బ్యాచ్ తయారైన మెషిన్ మీద పల్లీ లేదా జీడిపప్పు సరుకు కూడా తయారవుతుందా? మారేటప్పుడు ఎలా శుభ్రం చేస్తారు? మీ జవాబు మెయిల్‌లో పంపగలరా?" మెయిల్ రానంత వరకు ఆ బిస్కెట్‌ను ఆపా రెండు ఇళ్లలోనూ ఆపేసింది.

దూల్హా భాయ్ పంపే చాక్లెట్లు

మా దూల్హా భాయ్ దమ్మామ్‌లో పనిచేస్తారు. కరీంనగర్, జగిత్యాల, నిర్మల్ వైపు చాలా ఇళ్లలాగే మాకూ అక్కడి సూపర్ మార్కెట్ నుంచి ఫొటోలు వస్తాయి, "ఇది తీసుకోవచ్చా?" అని. అక్కడి ప్యాకెట్ చదవడంలో ఒక సౌకర్యం, ఒక చిక్కు ఉన్నాయి.

సౌకర్యం ఏమిటంటే అరబీ అక్షరాలు మన ఇళ్లలో చాలామందికి వస్తాయి. ‘యహ్తవీ అలా’ అంటే ‘ఇందులో ఉంది’. దాని ముందు ‘ఖద్’ అనే చిన్న మాట చేరితే ‘ఉండవచ్చు’ అవుతుంది. అంటే ‘ఖద్ యహ్తవీ అలా’ మన ‘మే కంటైన్’ అన్నమాట. ‘ఆసార్’ అంటే ట్రేసెస్.

చిక్కు ఏమిటంటే గింజల పేర్లు ఉర్దూలో ఒకటి, అరబీలో ఇంకొకటి. మనం మూంగ్‌ఫలీ అని వెతికితే దొరకదు, అక్కడ పల్లీకి ‘ఫూల్ సూదానీ’ అని రాస్తారు. ఉర్దూ అలవాటుతో దాన్ని పువ్వు అనుకోవద్దు. బాదంకు ‘లౌజ్’, పిస్తాకు ‘ఫుస్తుఖ్’, హేజల్‌నట్‌కు ‘బుందుఖ్’, అన్ని గింజలకూ కలిపి ‘ముకస్సరాత్’. ‘జౌజ్’ అంటే అక్రోట్, కానీ ‘జౌజ్ అల్ హింద్’ అంటే కొబ్బరి. కాజూ మాత్రం కాజూనే.

అక్కడ దొరికే యూరప్ చాక్లెట్లలో ఇంకో తేడా ఉంది. వాటిలో విడిగా ‘కంటైన్స్’ లైను ఉండకపోవచ్చు. పదార్థాల జాబితాలోనే అలర్జీ పేర్లను బోల్డ్ అక్షరాల్లో ముద్రిస్తారు. మసక ఫొటోలో బోల్డ్‌కూ మామూలు అక్షరానికీ తేడా తెలియదు. అందుకే జాబితా మొత్తం ఒక్కో మాటా చదవాలి. ఆ జాబితాల్లో ‘నట్స్’ అంటే చెట్టు గింజలే, పల్లీ విడిగా ‘పీనట్స్’ అని వస్తుంది.

ఎంత చదివినా దొరకనిది

లేబుల్‌కు కూడా ఒక హద్దు ఉంది. 2024 సెప్టెంబర్‌లో బ్రిటన్ ఫుడ్ స్టాండర్డ్స్ ఏజెన్సీ, పల్లీ అలర్జీ ఉన్నవాళ్లు ఆవాలు, ఆవపొడి ఉన్న సరుకులేవీ తినొద్దని చెప్పింది. భారత్ నుంచి వెళ్లిన ఆవ సరుకులో పల్లీ కలిసిందని తేలడమే కారణం. ఆ సరుకుతో చేసిన సాస్‌లు, మసాలాల ప్యాకెట్ల మీద పల్లీ మాటే లేదు, ఎందుకంటే తయారుచేసిన వాళ్లకే తెలియదు. ఇలాంటిది ఏ ఫొటోలోనూ దొరకదు. విడిగా తూకం వేసి అమ్మే మిక్చర్, మిఠాయి, దావత్‌లో వడ్డించే సాలన్ సంగతి చెప్పక్కర్లేదు, వాటికి లేబులే ఉండదు.

కాబట్టి ఏం చేయాలో ముందే తెలిసి ఉండాలి. తిన్న కొద్దిసేపటికి పెదాలు, ముఖం వాచడం, దద్దుర్లు, వరుస వాంతులు, గొంతు బొంగురుపోవడం, ఆయాసం, పిల్లాడు ఒక్కసారిగా నీరసించిపోవడం, వీటిలో ఊపిరికి లేదా స్పృహకు సంబంధించింది ఏది కనిపించినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. పిల్లాడిని పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పెట్టాలి, ఆయాసంగా ఉంటే కూర్చోబెట్టాలి, నడిపించొద్దు. దీనికి మందు తొడకు ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్. సిట్రిజన్ సిరప్ దురద తగ్గిస్తుంది గానీ ఊపిరిని కాపాడదు. డాక్టర్ ఇంజెక్షన్ రాసిస్తే అది నానీ ఇంటికి వెళ్లే సంచిలో కూడా ఉండాలి. తిన్న ప్యాకెట్ పారేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇప్పుడు ఆదిలాబాద్ ఇంట్లో ఫ్రిజ్ మీద ఆపా ఒక కాగితం అంటించింది. ప్యాకెట్ కొంటే నాలుగు ఫొటోలు పంపాలి: పదార్థాల జాబితా మొదటి నుంచి చివరి దాకా, దాని కింద ఉన్న లైన్లు మడత సాగదీసి, బ్యాచ్ నెంబర్, ఫ్యాక్టరీ చిరునామాలు. ఫ్లాష్ వేయకుండా పగటి వెలుతురులో తీయాలి, వాట్సాప్‌లో హెచ్‌డీ నొక్కి పంపాలి. చివరి లైను ఎర్ర పెన్నుతో రాసింది: "జవాబు వచ్చేదాకా ప్యాకెట్ విప్పొద్దు."

నానీ ఇప్పుడు ఫొటోతో పాటు తనే చదివి చెబుతోంది: "బేటీ, ‘మే’ అని ఉంది, పక్కన పెట్టేశా."